ఎల్‌సీ డ్రాఫ్ట్‌లో ఏది మార్పించాలి, ఏది వదిలేయాలి: గుంటూరు నుంచి బంగ్లాదేశ్‌కి మిర్చి

ప్రశ్న: సార్, మాది గుంటూరు. ఇన్నాళ్లూ అడ్వాన్స్ తీసుకునే పంపాం. మొదటిసారి ఎల్‌సీ మీద, అంటే బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ మీద, బంగ్లాదేశ్‌కి 28 టన్నుల తొడిమ తీసిన తేజ మిర్చి పంపుతున్నాం. బయ్యర్ ఎల్‌సీ డ్రాఫ్ట్ పంపి, చూసి ఓకే చెప్పమంటున్నాడు. మా ఇన్వాయిస్, కస్టమ్స్ పని చూసే సీహెచ్‌ఏ ఇచ్చిన బీఎల్ (షిప్పింగ్ లైన్ రసీదు) పాత నమూనా పక్కన పెట్టుకుని చూస్తుంటే అన్నీ తేడాలే కనిపిస్తున్నాయి: హెచ్‌ఎస్ కోడ్ వేరు, పోర్టు స్పెల్లింగ్ వేరు, మా చిరునామా వేరు, ట్రాన్‌షిప్‌మెంట్ వద్దని ఉంది, బీఎల్ మీద క్లీన్ అనే మాట లేదు. డ్రాఫ్ట్ జత చేశాను. ఏది మార్పించాలి, ఏది వదిలేయొచ్చు?

జవాబు:

డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఇంకా ఓకే చెప్పకండి. అందులో మీరు తప్పనుకున్నవి చాలావరకు తప్పులు కావు. మీ కంటికి ఆనని రెండు మూడు మాత్రం మీ డబ్బు ఆపేస్తాయి.

నేను ఈ పేపర్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. తేడా కనపడినప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ రెండు కాగితాల్లో దేన్ని మార్చడం తేలిక, ఆ అవకాశం ఎప్పటిదాకా ఉంటుంది? ఎల్‌సీ ఇంకా డ్రాఫ్ట్‌గా ఉంది కాబట్టి బయ్యర్ తన దరఖాస్తులో ఒక లైను దిద్దితే చాలు, పైసా ఖర్చు లేదు. ఎల్‌సీని ఖాయం చేసే స్విఫ్ట్ మెసేజ్ MT700 బ్యాంకు నుంచి వెళ్లాక అదే లైను మార్చాలంటే MT707 అమెండ్‌మెంట్ రావాలి. దానికి చార్జీలుంటాయి, రోజులు పోతాయి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ మీ కంప్యూటర్లోవే, ఎప్పుడైనా కొట్టుకోవచ్చు. బీఎల్ ఒరిజినల్స్ ప్రింటయ్యే దాకా మన చేతిలో ఉంటుంది. సరుకుకి చీడపీడలు లేవని చెప్పే ఫైటో సర్టిఫికెట్ ప్రభుత్వ కాగితం, ఒకసారి వచ్చాక దాన్ని కదిలించడం కష్టం. ఇక కుట్టేసి కంటైనర్లోకి ఎక్కించిన బస్తాను ఎవరూ మార్చలేరు. అందుకని బస్తాకీ ప్రభుత్వ కాగితానికీ తగ్గట్టు ఎల్‌సీని ఇప్పుడే మార్పించండి. మిగతా పేపర్లను తర్వాత ఎల్‌సీకి తగ్గట్టు మీరే రాసుకోండి.

ముందు సరుకు వివరం చూద్దాం. మీ డ్రాఫ్ట్‌లో 45A ఫీల్డు ఇలా ఉంది:

```
28 MT INDIAN DRY RED CHILLIES TEJA STEMLESS
IN 1120 BAGS OF 25 KGS NET
AT USD 2150 PER MT CFR CHITTAGONG SEAPORT
INCOTERMS 2020
```

మీ ఇన్వాయిస్‌లో ఇలా ఉంది:

```
S-17 TEJA DRY CHILLI WITHOUT STEM
28000 KGS @ USD 2.15/KG   CNF CHATTOGRAM
```

వ్యాపారం చేసేవాడికి రెండూ ఒకటే. ఢాకా బ్యాంకులో పేపర్లు పరిశీలించే మనిషికి మాత్రం కాదు. ఆయన మిర్చిని చూడడు, కాగితాన్నే చూస్తాడు. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే నియమావళి యూసీపీ 600 ప్రకారం ఇన్వాయిస్‌లోని సరుకు వివరం ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోవాలి. మిగతా పేపర్లలో, అంటే బీఎల్, ఫైటో లాంటి వాటిలో, సరుకు గురించి స్థూలంగా రాసినా ఎల్‌సీతో విభేదించకపోతే చాలు. కాబట్టి బీఎల్ మీద ఉత్త ఎండుమిర్చి అని ఉంటే ఏమీ కాదు, ఇన్వాయిస్ మీద మాత్రం ఆ నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టు దించేయండి. కిలో రేటు వద్దు, టన్ను రేటే రాయండి. సీఎన్‌ఎఫ్ అని అలవాటుగా కొట్టేస్తాం, అక్కడ సీఎఫ్‌ఆర్ అనీ, పక్కనే ఇన్‌కోటర్మ్స్ 2020 అనీ ఉండాలి. ఎస్-17 అనే మాట మీకు కావాలంటే ఆ నాలుగు లైన్ల కింద విడిగా రాసుకోండి. అదనపు వివరం ఇవ్వడం తప్పు కాదు, సరుకే వేరేదేమో అన్న అనుమానం రాకూడదంతే.

ఇదంతా మీ కంప్యూటర్లో పది నిమిషాల పని. అసలు ప్రమాదం రెండో లైనులో ఉంది: 1120 బస్తాలు.

యూసీపీ 600లో ముప్పయ్యో ఆర్టికల్ ఒక వెసులుబాటు ఇస్తుంది. ఎల్‌సీలో ఏమీ చెప్పకపోయినా, డ్రా చేసే మొత్తం ఎల్‌సీ మొత్తాన్ని దాటనంత వరకు, సరుకు పరిమాణం 5 శాతం ఎక్కువైనా తక్కువైనా ఫర్వాలేదు. అయితే ఎల్‌సీలో పరిమాణాన్ని ఇన్ని బస్తాలు, ఇన్ని పీసులు అని లెక్క కట్టి చెబితే ఆ వెసులుబాటు వర్తించదు. మీ డ్రాఫ్ట్‌లో టన్నులూ ఉన్నాయి, బస్తాల లెక్కా ఉంది. బ్యాంకు ఆ బస్తాల లెక్కనే పట్టుకుంటుంది.

ఇది మీకు ఎలా తగులుతుందో చూడండి. లోడింగ్ రోజు వాన పడింది, ఆరు బస్తాలు తడిశాయి. తడిసిన మిర్చిని కంటైనర్లో పెడితే ఢాకా చేరేలోపు బూజు పడుతుందని మీరు వాటిని తీసి పక్కన పెట్టారు. అది సరైన పనే. ఇప్పుడు 1114 బస్తాలు, నికర బరువు 27,850 కిలోలు, ఇన్వాయిస్ విలువ 59,877.50 డాలర్లు. ఎల్‌సీ 60,200 డాలర్లకు ఉంది. బరువులో తగ్గింది అర శాతం పైచిలుకే. ఎల్‌సీలో టన్నులు మాత్రమే ఉండి ఉంటే ఎవరూ నోరెత్తరు. 1120 బస్తాలు అని ఉన్నందువల్ల ఇది తక్కువ సరుకు అవుతుంది. పైగా మీ 43P లో పార్షియల్ షిప్‌మెంట్ వద్దని ఉంది. 59,877 డాలర్ల బిల్లు ఆరు బస్తాల దగ్గర ఆగిపోతుంది.

దీనికి ఇప్పుడు చేయాల్సింది చిన్నదే. 45A లో బస్తాల సంఖ్య తీసేసి, 25 కిలోల నికర బరువు బస్తాల్లో అని మాత్రం ఉంచమనండి. పరిమాణం పక్కన 5 శాతం అటూ ఇటూ అని రాయించి, ఎల్‌సీ మొత్తంలో తేడాని చెప్పే 39A లో 05/05 పెట్టించండి. అప్పుడు సరుకు కాస్త ఎక్కువైనా ఆ మేరకు డబ్బు కూడా డ్రా చేసుకోవచ్చు.

ఆ ఆరు బస్తాల కథ ఇంకో చోట కూడా కాటేస్తుంది, అది బీఎల్. షిప్పింగ్ లైన్‌కి సూచనలు లోడింగ్‌కి రెండు మూడు రోజుల ముందే వెళ్లిపోతాయి. ఖాళీ బస్తా బరువు అర కిలో చొప్పున కలిపి 1120 బస్తాలు, 28,560 కిలోలు అని మీ సీహెచ్‌ఏ పంపేసి ఉంటాడు. ఆరు తీసేశాక నిజమైన స్థూల బరువు 28,407. ప్యాకింగ్ లిస్ట్ మీరు కొత్తగా కొడతారు, బీఎల్ డ్రాఫ్ట్ మాత్రం పాత అంకెతోనే వస్తుంది. సీహెచ్‌ఏ ఆఫీసు కుర్రాడు వాట్సాప్‌లో పంపి అర్జెంటుగా కన్ఫర్మ్ చేయమంటాడు. ఫోన్ స్క్రీన్ మీద చూసి ఓకే కొట్టేస్తాం. నేనూ కొట్టాను, ఒకసారి కాదు. ఇన్వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్ట్‌లో, బీఎల్‌లో, ఫైటోలో బస్తాల సంఖ్య, స్థూల బరువు, నికర బరువు ఒకదాన్నొకటి కాదనకూడదు. ఆ మూడు అంకెలూ ఒక తెల్ల కాగితం మీద పెద్దగా రాసుకుని, ప్రతి పేపర్‌నూ దానితో పోల్చండి. పేపర్‌ని పేపర్‌తో పోలిస్తే కళ్లు మోసం చేస్తాయి.

అదే బీఎల్ డ్రాఫ్ట్‌లో ఇంకో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. మొదటిది కన్సైనీ, అంటే సరుకు ఎవరి పేరు మీద వెళ్తోందో ఆ గడి. ఏయే పేపర్లు ఇవ్వాలో చెప్పే మీ 46A లో బీఎల్ ఎల్‌సీ ఇచ్చే బ్యాంకు ఆర్డర్ మీద ఉండాలని రాసి ఉంది, మీ పాత నమూనాలో బయ్యర్ పేరే నేరుగా ఉంది. అడ్వాన్స్ వ్యాపారంలో అది సరిపోయింది, ఇక్కడ పనికిరాదు. బయ్యర్ నోటిఫై పార్టీగా, అంటే సరుకు చేరినప్పుడు కబురు అందుకునేవాడిగా వస్తాడు, మీ ఎల్‌సీ ప్రకారం బ్యాంకు పేరు కూడా అక్కడ ఉండాలి. రెండోది సంతకం. షిప్పింగ్ లైన్ పేరు బీఎల్ మీద ఉండాలి, సంతకం చేసినవాడు ఆ లైన్ తరఫున చేస్తున్నట్టు రాయాలి. ఎవరి ఏజెంటో చెప్పకుండా ఉత్తినే ఏజెంట్ అని ముద్ర కొడితే తిప్పికొడతారు. ఫార్వర్డర్ సొంతంగా ఇచ్చే హౌస్ బీఎల్‌ని మీ ఎల్‌సీ ఎలాగూ ఒప్పుకోవడం లేదు, అది సీహెచ్‌ఏకి ఇప్పుడే చెప్పండి. మూడోది సరుకు ఓడలోకి ఎక్కిన తేదీ. చెన్నైలో ఎక్కించిన ఓడ పేరు, తేదీ స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే గడువు లెక్క మొదలయ్యేది అక్కడినుంచే.

గడువు దగ్గర మీ డ్రాఫ్ట్‌లో పెద్ద గొయ్యి ఉంది. ఆఖరి షిప్‌మెంట్ ఆగస్టు 20, ఎల్‌సీ గడువు సెప్టెంబర్ 4. పేపర్లు షిప్‌మెంట్ తర్వాత 15 రోజుల్లోపు ఇవ్వాలి. ఇంతవరకు బాగానే ఉంది. 31D లో గడువు ముగిసే చోటు బంగ్లాదేశ్ అని ఉంది, 41 లో పేపర్లు ఇచ్చే బ్యాంకుగా ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకునే చూపించారు. అంటే మీరు గుంటూరులో మీ బ్రాంచికి పేపర్లు ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, అవి ఢాకా కౌంటర్‌కి చేరిన రోజే లెక్క. ఓడ ఆగస్టు 18న బయల్దేరితే 15 రోజులు సెప్టెంబర్ 2తో అయిపోతాయి. బీఎల్ ఒరిజినల్స్ చేతికి రావడానికి నాలుగు రోజులు, చాంబర్ నుంచి ఆరిజిన్ సర్టిఫికెట్‌కి ఒకటి రెండు రోజులు, మీ బ్యాంకు చూడటానికి ఇంకో రెండు మూడు, పైన కొరియర్. మధ్యలో మన సెలవులు, వాళ్ల శుక్ర శనివారాలు. ఎంత టెన్షనో ఊహించుకోండి. ఇండియాలో ఏ బ్యాంకులోనైనా నెగోషియేషన్‌కి ఇవ్వొచ్చనీ, గడువు ఇండియాలో ముగుస్తుందనీ మార్పించండి. 15 బదులు 21 రోజులు అడగండి, దానికి తగ్గట్టు ఎల్‌సీ గడువూ సెప్టెంబర్ 10 దాకా జరపాలి. ఎల్‌సీలో ఏమీ రాయకపోతే యూసీపీ ఇచ్చేదీ ఆ 21 రోజులే కాబట్టి మీరు అత్యాశకి పోతున్నట్టేమీ కాదు.

ఇక అదనపు షరతులుండే 47A. అందరూ చదవకుండా దాటేసే చోటు ఇదే, బంగ్లాదేశ్ ఎల్‌సీల్లో విషమంతా ఇక్కడే ఉంటుంది. ఎల్‌సీ నంబరు, బయ్యర్ ఇంపోర్ట్ రిజిస్ట్రేషన్ నంబరు, అతని పన్ను నంబర్లైన బిన్, టిన్, ఎల్‌సీఏ ఫారం నంబరు, హెచ్‌ఎస్ కోడ్ అన్నీ ప్రతి పేపర్ మీదా ఉండాలని రాశారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ మీద మీరు కొట్టుకుంటారు. బీఎల్ మీద షిప్పింగ్ లైన్ వేస్తుంది, ముందే అడగాలి. ఫైటో మీద ఇవన్నీ వేయించడం మీ వల్ల కాకపోవచ్చు. అందుకని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్లకు ఈ షరతు వర్తించదని ఒక మాట చేర్పించండి.

హెచ్‌ఎస్ కోడ్ దగ్గర మీరు భయపడ్డది నిజమే. డ్రాఫ్ట్‌లో 0904.21.90 ఉంది, మీ షిప్పింగ్ బిల్లులో 09042110 ఉంది. మొదటి ఆరు అంకెలే అన్ని దేశాలకూ ఒకటి, చివరి రెండూ ఏ దేశానికి ఆ దేశం పెట్టుకున్నవి. బయ్యర్ తన కస్టమ్స్‌కి తగ్గట్టు రాశాడు, అతని తప్పు లేదు. పేపర్ల మీద ఎల్‌సీలో ఉన్న కోడే వేయండి. లైన్ వాళ్లు షిప్పింగ్ బిల్లు చూసి బీఎల్ మీద మన కోడ్ తగిలిస్తారు, డ్రాఫ్ట్‌లోనే తీయించండి. ఎల్‌సీలో ఆరంకెల కోడే రాయమని బయ్యర్‌ని అడిగితే ఇంకా మేలు.

ఆ 47A లోనే బస్తాల మీద ముద్ర గురించి ఒక లైనుంది, దాన్ని మీరు ప్రస్తావించనే లేదు. బంగ్లాదేశ్ దిగుమతి నిబంధనల ప్రకారం కనీసం 2 శాతం బస్తాల మీద బయ్యర్ పేరు, చిరునామా, అతని పన్ను నంబరు చెరిగిపోని సిరాతో ఉండాలి. అలా వేశామని మీరు సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. 1120 బస్తాల్లో 2 శాతం అంటే 23 బస్తాలు. గోనె సంచి మీద స్టెన్సిల్ పెట్టి సిరా రుద్దే పని యార్డులో గంట కూడా పట్టదు, కంటైనర్ సీలు పడ్డాక అదే పని అసాధ్యం. ముద్ర లేకుండా సర్టిఫికెట్ మాత్రం ఇచ్చేస్తే బ్యాంకు దగ్గర నెగ్గుతారేమో కానీ, చిట్టగాంగ్ కస్టమ్స్‌లో బయ్యర్ ఇరుక్కుంటాడు, ఆ తర్వాత మీ ఫోను మోగుతూనే ఉంటుంది. నేనైతే 23 కాకుండా 50 బస్తాల మీద వేయించి ఫోటో తీసి పెట్టుకుంటాను.

అలాగే ఇన్సూరెన్స్ బయ్యర్‌దే అయినా, షిప్‌మెంట్ వివరాలు కవర్ నోట్ నంబరుతో సహా మూడు రోజుల్లోపు వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ చేసి, ఆ కాపీ పేపర్లలో పెట్టాలని ఉంది. నాలుగో రోజు పంపితే ఇక దిద్దుకునే దారి లేదు. ఓడ ఎక్కిన సాయంత్రమే పంపేయండి.

ఇప్పుడు మీరు ఊరికే కంగారుపడినవి. డ్రాఫ్ట్‌లో ట్రాన్‌షిప్‌మెంట్ వద్దని ఉంది, మీ సరుకు కొలంబోలో ఓడ మారుతుంది. సరుకు కంటైనర్లో ఉందని బీఎల్‌లో కనిపిస్తూ, చెన్నై నుంచి చిట్టగాంగ్ దాకా ప్రయాణమంతా ఆ ఒక్క బీఎల్‌లోనే ఉంటే, ఎల్‌సీ వద్దన్నా సరే ట్రాన్‌షిప్‌మెంట్‌ని బ్యాంకు ఒప్పుకోవాలి. ఇరవయ్యో ఆర్టికల్ ఆ మాటే చెబుతోంది. చిట్టగాంగ్, చట్టోగ్రామ్ ఒకటే ఊరు, 2018లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చారు. దాని మీద బ్యాంకుతో వాదించి గెలవొచ్చు, కానీ ఎల్‌సీలో ఉన్న స్పెల్లింగే అన్ని చోట్లా కొడితే వాదనే రాదు. ఇన్వాయిస్‌లో మీ చిరునామా ఎల్‌సీలో ఉన్నట్టే లేకపోయినా దేశం ఒకటే అయితే చాలు, ఫోను నంబర్లు, ఈమెయిళ్లు ఎవరూ చూడరు. ఒక్క మినహాయింపు ఏంటంటే, బీఎల్‌లో నోటిఫై పార్టీగా వచ్చే బయ్యర్ చిరునామా మాత్రం ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి. బీఎల్ మీద క్లీన్ అనే మాట కనపడటం లేదని రాశారు, ఆ మాట ఉండనక్కర్లేదు. బస్తాలు చిరిగాయి, తడిశాయి అని లైన్ రాయకుండా ఉంటే అది క్లీనే.

ఒక చేదు అనుభవం చెబుతాను. డ్రాఫ్ట్‌లో లోడింగ్ పోర్టు ఇండియాలో ఏదైనా అని ఉంటే నేను ఓకే చెప్పాను, పేపర్లన్నీ దాన్ని చూసే తయారు చేశాను. నాలుగు రోజుల తర్వాత MT700 వచ్చింది, నేను అంకెలు మాత్రం చూసి ఫైల్లో పెట్టేశాను. అందులో 44E దగ్గర బ్యాంకు గుమస్తా విశాఖపట్నం అని కొట్టాడు. సరుకు అప్పటికే చెన్నైలో ఓడెక్కింది. అమెండ్‌మెంట్ అడిగాం, బయ్యర్ ఇస్తానంటూనే రోజులు గడిపాడు. ఈలోగా మార్కెట్ పడిపోయింది. పేపర్లు తేడాతోనే వెళ్లాయి, ఐదో బ్యాంకింగ్ రోజున తిరస్కరణ నోటీసు వచ్చింది. టన్నుకి 90 డాలర్లు తగ్గిస్తే ఒప్పుకుంటానన్నాడు బయ్యర్. సరుకు చిట్టగాంగ్‌లో ఉంది, డెమరేజ్ మొదలైంది. తగ్గించాను. మార్కెట్ పెరిగి ఉంటే ఆ పోర్టు పేరు అతనికి కనపడేదే కాదు. అందుకే MT700 చేతికి రాగానే డ్రాఫ్ట్‌తో ఫీల్డు ఫీల్డు కలిపి మళ్లీ చదవండి. పేపర్లు ఆ MT700 చూసే చేయండి, డ్రాఫ్ట్‌ని పక్కన పడేయండి.

మీ రెండు కంటైనర్ల సంగతి ఒకటి మిగిలింది. లైన్ వాళ్లు చోటు లేదని ఒకదాన్ని తర్వాతి ఓడకి తోసేస్తే, రెండు ఓడలు కాబట్టి అది పార్షియల్ షిప్‌మెంట్ అవుతుంది. ఒకే ఓడ, ఒకే ప్రయాణం, ఒకే గమ్యం అయితే రెండు బీఎల్‌లు తీసినా ఫర్వాలేదు. ఆగస్టులో చెన్నైలో ఇలా తోసేయడం నాకు రెండుసార్లు జరిగింది. 43P లో పార్షియల్ ఒప్పుకునేట్టు మార్పించండి, బయ్యర్‌కి అందులో పోయేదేమీ లేదు.

ఈరోజే బయ్యర్‌కి ఒక్క మెయిల్‌లో అన్నీ పెట్టేయండి: 45A లో బస్తాల సంఖ్య తీసేసి పరిమాణం పక్కన 5 శాతం అటూ ఇటూ అని రాయడం, 39A లో 05/05, 43P లో పార్షియల్ అనుమతి, 31D, 41 లో ఇండియా, 31D లోనే గడువు సెప్టెంబర్ 10, 48 లో 21 రోజులు, 47A లో ప్రభుత్వ సర్టిఫికెట్లకు మినహాయింపు, ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్. విడివిడిగా అడిగితే మూడోసారికి విసుక్కుంటాడు. హెచ్‌ఎస్ కోడ్‌కి అతను ఒప్పుకోకపోయినా నడిచిపోతుంది. బస్తాల సంఖ్య, గడువు ముగిసే చోటు ఈ రెండూ మారకుండా మాత్రం యార్డు నుంచి లారీ కదిలించకండి. దిద్దిన డ్రాఫ్ట్ వచ్చాక బ్యాంకు పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.